ఎక్స్‌ట్రా పనులకు మార్పు ఫారం: ఏ గడులు ఉండాలి, ఎవరి సంతకం కావాలి?

రవళి_సైట్ (గుంటూరు)
అందరికీ నమస్కారం. మాది ఇళ్లు కట్టే చిన్న సంస్థ. చదరపు అడుగుకు ఇంత అని మెటీరియల్‌తో కలిపి ఒప్పుకుంటాం. ఈ మధ్య ఒక ఇంటి ఫైనల్ బిల్లు దగ్గర పేచీ వచ్చింది. ఓనరు గారు అడిగిన ఎక్స్‌ట్రా పనులన్నీ చేశాం, చేశారని ఆయన కూడా ఒప్పుకుంటున్నారు. కానీ "ఇంతవుతుందని అప్పుడు చెప్పలేదే, చెప్పుంటే వద్దనేవాణ్ణి" అంటున్నారు. దాంతో మా సార్ ఇకమీదట ప్రతి మార్పుకూ ఒక ఫారం ఉండాలన్నారు. ఒక్క పేజీ, తెలుగులో.

నేను నాలుగు గడులు అనుకున్నాను: మార్పు ఏమిటి, ఖర్చెంత, ఎన్ని రోజులు, సంతకం. ఇవి చాలవని అనిపిస్తోంది, ఏం తక్కువైందో మాత్రం తేలట్లేదు.

ఇప్పుడు చేతిలో ఉన్న కేసు చెప్తాను. జీ ప్లస్ వన్ ఇల్లు, 2,400 అడుగులు, అడుగు 1,900 చొప్పున 45.6 లక్షలు, పది నెలల గడువు. గ్రౌండ్ ఫ్లోర్ మీది స్లాబ్‌కు సెంట్రింగ్ అయిపోయింది, ఐరన్ కడుతున్నారు. శనివారం కాంక్రీటు. ఈరోజు గురువారం. పొద్దున ఓనరు గారి భార్య వచ్చి, పై అంతస్తులో 8 బై 6 స్టోర్ రూమ్ వద్దు, దాన్ని బాత్రూమ్ చేయండి అన్నారు. ఈ కేసునే ఫారంలో రాసి చూద్దామనుకుంటున్నాను.

ఇంటాయన_తెనాలి
ఈ ఎక్స్‌ట్రా అనే మాట వింటేనే బీపీ పెరుగుతోందండీ. మా ఇంటికి వంటగది గట్టు కడప రాయి నుంచి గ్రానైట్‌కు మార్చమంటే గ్రానైట్ ధర మొత్తం వేశారు. మరి కడప రాయి డబ్బులు ముందే ఒప్పందంలో ఉన్నాయి కదా, అవేమయ్యాయి? అడిగితే "అది వేరే సార్" అన్నారు. ఇలాంటివి ఓనర్లు ఎలా ఆపాలో ఎవరైనా చెప్పండి.

రవళి_సైట్
అండీ, నేను అడిగింది కాంట్రాక్టరు వైపు ఫారం గురించి. కానీ మీరు చెప్పినది రాసుకున్నాను. తీసేసిన పనికి గడి నా చిత్తులో లేదు.

కోడ్_కిరణ్ (బెంగళూరు)
మేం సాఫ్ట్‌వేర్‌లో రోజూ చేసేది ఇదే. కాగితం వద్దు, గూగుల్ ఫారం పెట్టేయండి. మార్పు రకం, ప్రాధాన్యత (హై, మీడియం, లో), అడిగినవారు, కారణం, ప్రభావితమయ్యే విభాగాలు, రిస్క్, ప్రత్యామ్నాయాలు, వద్దనుకుంటే వెనక్కి వెళ్లే ప్లాన్... మా దాంట్లో ముప్పై పైచిలుకు గడులున్నాయి, పంపిస్తాను. ఒక్కటీ ఖాళీగా వదలడానికి వీల్లేకుండా తప్పనిసరి చేయండి.

రిటైర్డ్_ఈఈ
అమ్మా రవళీ, కొత్తగా కనిపెట్టాల్సింది ఏమీ లేదు. ప్రభుత్వ పనుల్లో డీవియేషన్ స్టేట్‌మెంట్ అని ఎప్పటినుంచో ఉంది. ఒప్పందంలో ఉన్న పరిమాణం, ఇప్పుడు చేసే పరిమాణం, పెరిగింది ఒక కాలమ్, తగ్గింది ఒక కాలమ్. తెనాలి ఆయన బాధకు మందు అందులోనే ఉంది.

గడువుకు కూడా లెక్క ఉంది. కేంద్ర ప్రజాపనుల శాఖ సీపీడబ్ల్యూడీ కాంట్రాక్టు షరతుల్లో 12వ క్లాజు ప్రకారం పని విలువ ఎంత నిష్పత్తిలో పెరిగితే గడువూ అదే నిష్పత్తిలో పెరుగుతుంది, వచ్చినదానికి ఇంకో 25 శాతం కలుపుతారు. నీ బాత్రూమ్ ఉజ్జాయింపుగా 93 వేలు అనుకో. 45.6 లక్షల్లో రెండు శాతం. 300 రోజుల్లో రెండు శాతం అంటే ఆరు రోజులు, పావు వంతు కలిపితే ఏడున్నర. ఎనిమిది రోజులు అని రాసెయ్యి. ఎవరూ వాదించలేరు.

క్యూఎస్_దోహా
ఈఈ గారు పెరిగింది, తగ్గింది వేరువేరు కాలమ్‌లు అన్నది నూటికి నూరు పాళ్లు కరెక్ట్. గడువు లెక్క మాత్రం రవళి గారికి పనికిరాదు సార్. ప్రభుత్వ ఒప్పందంలో ఆ సూత్రం రాసి ఉంది కాబట్టి అక్కడ చెల్లుతుంది. ఆవిడ ఒప్పందంలో లేదు. పైగా ఆ సూత్రానికి స్లాబ్ పడిందా లేదా అన్నది తెలియదు. ఇదే బాత్రూమ్ ఈరోజు అడిగినా, వచ్చే నెల అడిగినా విలువ దాదాపు అంతే అయితే రోజులూ అంతే చెబుతుంది. సైట్‌లో ఆ రెండింటికీ పోలికే లేదు. గుమ్మం రెండడుగులు పక్కకు జరపమంటే ఖర్చు సున్నా కావచ్చు, కానీ లింటెల్ పని రెండు రోజులు ఆగొచ్చు. సూత్రం ప్రకారం దానికి ఒక్క రోజు కూడా రాదు.

రవళి గారూ, మీ నాలుగు గడుల్లో లేనిది ఇదే: అడిగిన రోజున పని ఏ దశలో ఉంది. ఫారంలో మొదటి గడి అది కావాలి, పక్కన ఒక ఫోటో. "గురువారం సాయంత్రం, సెంట్రింగ్ పూర్తి, ఐరన్ సగం" అని రాస్తేనే ఆ కింద వేసిన ధరకూ రోజులకూ అర్థం ఉంటుంది. లేకపోతే మూడు నెలల తర్వాత "స్లాబ్‌ను కిందికి దించే సంకెన్ కోసం సెంట్రింగ్ విప్పడానికి డబ్బులెందుకు, మొదటే అలా కొట్టుండాల్సింది కదా" అంటారు.

రెండోది, నిర్ణయానికి ఆఖరి గడువు. కిరణ్ గారు చెప్పిన ప్రాధాన్యత గడి మా దగ్గరా ఉండేది. అందరూ "అర్జంట్" అనే రాస్తారు, దాంతో ఆ గడి చచ్చిపోతుంది. దాని బదులు "శుక్రవారం మధ్యాహ్నం 12 లోపు సంతకం రాకపోతే స్లాబ్ పాత డ్రాయింగ్ ప్రకారమే పడుతుంది, ఈ ధర చెల్లదు" అని రాయండి. అది చదివాక ప్రాధాన్యత ఎవరికీ విడిగా చెప్పక్కర్లేదు.

స్ట్రక్చర్_పద్మ
డిజైనర్ వైపు నుంచి ఒక మాట. బాత్రూమ్ అంటే ఆ 48 అడుగుల మేర స్లాబ్‌ను దాదాపు అడుగు కిందికి దించాలి. ఐరన్ మేస్త్రీ ఉన్న రాడ్లనే వంచి దించేస్తానంటాడు, ఒప్పుకోవద్దు. స్లాబ్ కిందికి దిగే మెట్టు దగ్గర రాడ్లు విడివిడిగా ఆపి, కొసలు కాంక్రీటులో గట్టిగా పట్టుకునేలా యాంకరేజ్ ఇవ్వాలి, చుట్టూ బీమ్ ఎటు ఉందో చూడాలి. ఆ గుంటను ఇటుక ముక్కలతో నింపితే ఒకటిన్నర ఘనమీటర్లకు కాస్త తక్కువ, అంటే సుమారు రెండు టన్నుల బరువు కొత్తగా వస్తుంది. స్టోర్ రూమ్‌కు వేసిన డిజైన్ దాన్ని మోస్తుందో లేదో ఎవరో ఒకరు లెక్కచూసి సంతకం పెట్టాలి.

అందుకే మార్పు ఏమిటి అన్న గడిలో "స్టోర్ బదులు బాత్రూమ్" అని ఒక్క ముక్క రాసి వదిలేయకండి. పాత డ్రాయింగ్ నంబరు, సవరించిన డ్రాయింగ్ నంబరు, రెండూ ఉండాలి. మార్పులో చేరని పని కూడా రాయండి. గీజర్ పాయింట్ మాత్రమేనా, గీజర్ కూడానా? గొడవలన్నీ అలాంటి చోటే మొదలవుతాయి.

రవళి_సైట్
పద్మ గారూ, క్యూఎస్ గారూ, చాలా థ్యాంక్స్. రాత్రి కూర్చుని ధర వేశాను. మా రేట్లలో మా లాభం కలిసే ఉంటుంది.

పెరిగేవి: సెంట్రింగ్ మార్పు, ఐరన్, అదనపు కాంక్రీటు 14,000. వాటర్‌ప్రూఫింగ్, నింపుడు కలిపి 8,200. ప్లంబింగ్ లైన్లు 32,000. గోడ టైల్స్ ఏడడుగుల ఎత్తున, ఫ్లోర్ టైల్స్‌తో కలిపి 21,470. కమోడ్, బేసిన్, కుళాయిలు 28,000. తలుపు, వెంటిలేటర్, కరెంటు పాయింట్లు 12,000. మొత్తం 1,15,670.

తగ్గేవి: స్టోర్ ఫ్లోర్ టైల్స్ 5,280, గోడల పుట్టీ పెయింట్ 3,916, రాతి అరలు 7,000, పాత తలుపు 6,500. మొత్తం 22,696.

తేడా 92,974. ఈఈ గారి ఉజ్జాయింపు భలే దగ్గరగా ఉంది.

రోజుల దగ్గరే ఆగిపోయాను. బాత్రూమ్ పనికి మొత్తం తొమ్మిది రోజులు పడుతుంది. తొమ్మిది అని రాయనా? మా సార్ సేఫ్‌గా పదిహేను రాయమంటున్నారు.

క్యూఎస్_దోహా
తొమ్మిదీ కాదు, పదిహేనూ కాదు. రెండు వేరు ప్రశ్నలు ఒకే గడిలో పడ్డాయి. పని ఎన్ని రోజులు పడుతుంది అన్నది ఒకటి. తాళాలు ఇచ్చే తేదీ ఎన్ని రోజులు జరుగుతుంది అన్నది ఇంకొకటి. ఓనరుకు కావాల్సింది రెండోది.

మీ కేసులోనే చూడండి. శుక్రవారం పద్మ గారిలాంటి వాళ్లు డ్రాయింగ్ సవరిస్తారు. శనివారం, సోమవారం సెంట్రింగ్ విప్పి మళ్లీ కొట్టడం, ఐరన్ సరిచేయడం. మంగళవారం చెకింగ్. బుధవారం కాంక్రీటు. అంటే శనివారం పడాల్సిన స్లాబ్ బుధవారం పడుతోంది. స్లాబ్ ఆగితే పైన గోడలు ఆగుతాయి, వాటి వెనకున్న పనులన్నీ ఆగుతాయి. కాబట్టి నాలుగు రోజులూ నేరుగా తాళాల తేదీకే తగులుతాయి. తర్వాత వచ్చే ప్లంబింగ్, నీళ్లు నిలబెట్టి లీకేజీ చూడటం, టైల్స్, ఇవన్నీ మిగతా గదుల్లో ప్లాస్టరింగ్, వైరింగ్ నడుస్తుండగానే అయిపోతాయి. ప్లంబర్ ఖాళీగా దొరికితే వాటివల్ల ఒక్క రోజూ పెరగదు.

అందుకని గడిలో ఇలా రాయండి: "ఆగే పని: స్లాబ్. పాత తేదీ శనివారం, కొత్త తేదీ బుధవారం. తాళాల తేదీ 4 రోజులు ఆలస్యం." పదిహేను రాస్తే సేఫ్ అని మీ సార్ అనుకుంటున్నారు కానీ, ఓనరు ఎక్కడినుంచి వచ్చాయని అడిగితే ఏ పని పేరు చెప్తారు?

ఇంటాయన_తెనాలి
రోజుల సంఖ్య కాదండీ, తేదీ రాయండి. మాకు గృహప్రవేశం ముహూర్తం ముందే పెట్టించేశారు. నాలుగు రోజులే కదా అని సంతకం పెట్టాను. తీరా చూస్తే ఆ నాలుగు రోజుల తర్వాత మూఢం. తేదీ రాసుంటే ఇంట్లో పెద్దవాళ్లు అప్పుడే పట్టుకునేవాళ్లు.

రిటైర్డ్_ఈఈ
దోహా బాబు చెప్పింది ప్రైవేటు పనికి బాగానే ఉంది. కానీ సూత్రం తప్పని అనకు. వంద మార్పులు వచ్చే పెద్ద పనిలో ఒక్కొక్కదానికి ఏ పని ఆగిందో తేల్చాలంటే ఏడాది పడుతుంది. సూత్రం ఉంటే వివాదం ఉండదు.

క్యూఎస్_దోహా
తప్పనలేదు సార్, అక్కడ అది ఒప్పందం. ఇక్కడ కాదు, అంతే. వంద మార్పుల సంగతికి వస్తే, అందుకే ఫారం కింద రన్నింగ్ టోటల్ ఉండాలంటాను. ఒక్కో మార్పు చిన్నదే, అందరూ సరే అంటారు. ఏడో ఫారం నాటికి మొత్తం ఎంతైందో ఏ ఓనరుకూ గుర్తుండదు.

రవళి_సైట్
మీరంతా చెప్పినవి పెట్టి ఇలా నింపాను. చూడండి.

```
మార్పు ఫారం నం. 03        తేదీ: గురువారం
అడిగినవారు: ఓనరు భార్య
పని దశ: సెంట్రింగ్ పూర్తి, ఐరన్ సగం (ఫోటో జత)
మార్పు: పై అంతస్తు స్టోర్ 8x6 -> బాత్రూమ్
డ్రాయింగ్: S-04 బదులు S-04A
చేరనివి: గీజర్, అద్దం, షవర్ గ్లాస్
పెరిగేది  + 1,15,670
తగ్గేది   -   22,696
తేడా      +   92,974
ఆగే పని: స్లాబ్, శనివారం -> బుధవారం
తాళాల తేదీ: పాతది ____  కొత్తది ____
నిర్ణయం: శుక్రవారం మ. 12 లోపు
ఒప్పందం 45,60,000 + ముందు మార్పులు 38,500
+ ఇది 92,974 = 46,91,474
సంతకాలు: డిజైనర్ / ఓనరు / మేము
```

స్ట్రక్చర్_పద్మ
మూడు సంతకాలూ ఒకే వరుసలో పెట్టకండి. నేను పెట్టేది "ఇలా కట్టినా ఇల్లు నిలబడుతుంది" అని మాత్రమే. దాన్ని చూపించి "డిజైనర్ గారే ఒప్పుకున్నారు, మీరేంటి 93 వేలకు ఆలోచిస్తారు" అని ఓనరు దగ్గర అన్నవాళ్లున్నారు. నా సంతకం డ్రాయింగ్ నంబరు పక్కన ఉండాలి. ధర, తేదీ కింద ఓనరుదే ఉండాలి. నాది పడ్డాకే ఆయన చేతికి ఫారం వెళ్లాలి.

ఎన్నారై_కొడుకు (డాలస్)
ఓనరు సంతకం అంటున్నారు, ఓనరు ఎవరు? మా ఇంట్లో డబ్బు పంపేది నేను, సైట్‌లో ఉండేది నాన్న, మార్పులు చెప్పేది అమ్మ. అమ్మ "ఇక్కడ ఒక అల్మరా పెట్టండి బాబూ" అంటుంది, మేస్త్రీ పెట్టేస్తాడు. బిల్లు నాకొస్తుంది. నాన్నను అడిగితే "అమ్మ చెప్పింది కదా" అంటారు. కాంట్రాక్టరును ఏమనాలి?

క్యూఎస్_దోహా
డాలస్ గారి ప్రశ్న ఫారంలో తేలదు, ఒప్పందంలోనే తేలాలి. మొదటి రోజునే ఒక పేరు రాయించుకోవాలి: ధర ఒప్పుకునే అధికారం ఫలానావారిది. కావాలంటే పరిమితి పెట్టండి. పది వేల లోపు నాన్నగారు, ఆపైన మీరు. అడిగేవాళ్లు ఎవరైనా అడగొచ్చు, అందుకే "అడిగినవారు" గడి వేరు, "ఒప్పుకున్నవారు" గడి వేరు. రవళి గారి కేసులో అడిగింది ఆవిడ. ఒప్పందం మీద సంతకం ఆయనది అయితే ఆయన పెట్టేదాకా సెంట్రింగ్ విప్పకూడదు.

దూరంలో ఉన్నవాళ్లకు వాట్సాప్ సరిపోతుంది. కానీ "ఓకే" అని బొటనవేలు పెడితే దేనికి ఓకేనో తెలీదు. ఫారం ఫోటో పంపించి, "03 నంబరు, 92,974 రూపాయలు, కొత్త తేదీ ఫలానా, అంగీకారం" అని వాళ్ల చేత టైప్ చేయించండి. ఆ స్క్రీన్‌షాట్‌ను ఫారంతో పాటు ఫైల్లో పెట్టండి.

కోడ్_కిరణ్
నా ముప్పై గడులు ఎక్కువేనని ఒప్పుకుంటున్నాను, సైట్‌లో నిలబడి ఎవరూ నింపరు. కానీ కారణం గడి తీసేశారేం? ఓనరు కోరికా, డ్రాయింగ్ తప్పా, నేలలో దొరికిన సమస్యా, మీ పనివాళ్ల పొరపాటా? డబ్బు ఎవరిమీద పడాలో తేలేది దాన్నిబట్టే కదా.

రవళి_సైట్
పెట్టాను కిరణ్ గారూ, మా సార్ కొట్టేశారు. "మన పొరపాటు అని మన ఫారంలోనే రాసుకుంటామా" అన్నారు.

స్ట్రక్చర్_పద్మ
మీ మనుషుల పొరపాటు సరిదిద్దడం అసలు మార్పే కాదు, దానికి ఈ ఫారం ఎందుకు? డ్రాయింగ్ తప్పైతే మాత్రం రాయాల్సిందే. నా డ్రాయింగ్ తప్పుకు ఓనరు ఎందుకు కట్టాలి?

రిటైర్డ్_ఈఈ
కట్టాలమ్మా. డిజైనర్‌ను పెట్టుకుంది ఓనరు. కాంట్రాక్టరుకు డబ్బు ఓనరే ఇవ్వాలి, ఆ తర్వాత ఆయన నీ దగ్గర వసూలు చేసుకోవాలి.

స్ట్రక్చర్_పద్మ
ఇక్కడ నన్ను పెట్టుకున్నది కాంట్రాక్టరే సార్. గుంటూరు చుట్టుపక్కల చాలా ఇళ్లకు అంతే. అప్పుడు?

రిటైర్డ్_ఈఈ
అప్పుడైతే లెక్క మారుతుంది. ఆలోచించాలి.

సెంట్రింగ్_బాషా
అందరూ సంతకాలు అంటున్నారు, పని ఆపలేని చోట ఏం చేస్తారు? పునాది తవ్వుతుంటే పాత బావి బయటపడింది మాకు ఒకసారి. వర్షం వచ్చేట్టుంది, గుంట తెరిచి ఉంది. ఫారం నింపి ధర వేసి డాలస్ నుంచి సంతకం వచ్చేసరికి గట్లు కూలిపోతాయి.

క్యూఎస్_దోహా
మంచి ప్రశ్న భాయ్. దానికి అదే ఫారంలో ఒక అడ్డగీత కింద రెండో దారి పెట్టాలి: "ధర తర్వాత, పని ముందు". అందులో రెండే రాయాలి. ఒకటి పరిమితి, అంటే ఇరవై ఐదు వేలు దాటే ముందు మళ్లీ అడుగుతాం అని. రెండోది, ఏ రోజు ఎంతమంది, ఏ మెషీన్ ఎన్ని గంటలు, ఎన్ని లోడ్లు అన్న చీటీ మీద ఆ సాయంత్రమే ఓనరు మనిషి సంతకం. బావి పూడ్చేశాక అది ఎంత లోతుందో ఎవరూ కొలవలేరు. టేపు పట్టి తీసిన ఫోటో, రోజు చీటీ, ఆ రెండే మిగులుతాయి. వాటిమీద వారంలోపు పూర్తి ధర వేసి మామూలు ఫారం చేసుకోవాలి. బాత్రూమ్ కోరికలకు మాత్రం ఈ దారి వాడనివ్వకండి, లేకపోతే అన్నీ ఇందులోకే దూరతాయి.

ఇంటాయన_తెనాలి
రవళి గారూ, వద్దనుకున్న ఫారాలు కూడా దాచండి. మేం ఒకటి అడిగి, ధర చూసి వద్దన్నాం. చివర్లో కాంట్రాక్టరు అదీ బిల్లులో వేశాడు, "మీరే అడిగారు కదా" అని. "వద్దు" అని టిక్ పెట్టే చోటుంటే మాకు ఆధారం ఉండేది.

రవళి_సైట్
పెట్టేశాను అండీ: ఒప్పుకున్నాను, వద్దు, మళ్లీ ధర వేయండి, మూడు గడులు.

అప్‌డేట్: శుక్రవారం పదకొండుకు ఓనరు గారు వచ్చారు. 92,974 గురించి ఏమీ అనలేదు, తగ్గేవి విడిగా చూపించామని సంతోషించారు కూడా. 46,91,474 దగ్గర ఆగిపోయారు. ముందు రెండు మార్పులు ఎంతైందీ ఆయనకు గుర్తులేదు. పావుగంట భార్యాభర్తలు మాట్లాడుకున్నారు. రాతి అరల డబ్బు తగ్గించడం వద్దు, వాటిని వరండాలో పెట్టమన్నారు. "మళ్లీ ధర వేయండి" గడిలో టిక్ పెట్టించి, ఏడు వేలు తగ్గేవాటిలోంచి తీసేసి, తేడా 99,974, కొత్త మొత్తం 46,98,474 అని వేరే కాగితం మీద 03ఏ నంబరు వేశాం. దానిమీద ఆయన సంతకం 11:50కి పడింది.

కారణం గడి ఇంకా సార్ దగ్గరే ఉంది. ఇంకో సందేహం: ఈ ఎక్స్‌ట్రా డబ్బు ఎప్పుడు తీసుకోవాలి? సార్ సగం ఇప్పుడే కావాలంటున్నారు. ఓనరు గారేమో ఫైనల్ బిల్లులో చూసుకుందాం అంటున్నారు.

సెంట్రింగ్_బాషా
ఫైనల్ బిల్లులోకి నెట్టారంటే మళ్లీ మొదటికే వస్తారు మేడమ్. టైల్స్ పడ్డ రోజు అని రాయించుకోండి.

క్యూఎస్_దోహా
భాయ్ చెప్పింది దగ్గరగానే ఉంది, కానీ సంకెన్ ఖర్చు స్లాబ్‌తోనే అయిపోతుంది. నేనైతే స్లాబ్ బిల్లుతో 14 వేలు, మిగతాది ప్లంబింగ్, టైల్స్ దశల్లో వేస్తాను. ఒప్పందంలో దశలవారీ చెల్లింపులు ఎలా ఉన్నాయో పెట్టండి, చూద్దాం.